పెన్షన్‌కు పన్ను ఉంది, కమ్యుటేషన్‌కు లేదు: అయినా 40 శాతం ఎందుకు తీసుకోకూడదు?

ప్రశ్న: నేను 2025 డిసెంబరు 31న రైల్వేలో పదవీ విరమణ చేయబోతున్నాను. 2004కు ముందు చేరినవాణ్ణి కనుక పాత పెన్షన్ వస్తుంది. మూల పెన్షన్ 50,000 రూపాయలకు దగ్గరగా తేలుతుందని ఆఫీసులో చెప్పారు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బులోంచి 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పథకంలో వేస్తాను. మిగిలినది కూతురి పెళ్లికి పోతుంది. పై వాటా అద్దె నెలకు 15,000 వస్తుంది. నా భార్యకు ఆదాయం లేదు. అప్పులు లేవు. పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని బదులుగా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకునే కమ్యుటేషన్ గురించి అడుగుతున్నాను. "కమ్యుటేషన్ సొమ్ముకు పన్ను లేదు, 40 శాతమూ తీసుకో" అని తోటివాళ్లు అంటున్నారు. "అది 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకోవడమే" అని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
ఒక రైల్వే ఉద్యోగి, విజయవాడ

సమాధానం: మీ అబ్బాయి చెప్పిన అంకె సరైనదే, మీ తోటివారు చెప్పిన చట్టమూ సరైనదే. ఇబ్బంది ఏమిటంటే, ఆయన లెక్కలో పన్ను లేదు, వారి మాటలో వడ్డీ లేదు. రెండింటినీ ఒకచోట పెట్టి చూస్తే మీ విషయంలో జవాబు సున్నాకూ 40కీ మధ్యలో ఎక్కడో తేలుతుంది. అది ఎలాగో వివరంగా చెబుతాను.

ముందు 9 శాతం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తన మూల పెన్షన్‌లో గరిష్ఠంగా 40 శాతాన్ని కమ్యూట్ చేసుకోవచ్చు. అరవయ్యో ఏట విరమించేవారికి తరువాతి పుట్టినరోజుకు వయసు 61 అవుతుంది కనుక కమ్యుటేషన్ పట్టికలో గుణకం 8.194. మీ పెన్షన్‌లో 40 శాతం అంటే నెలకు 20,000. దానిని 12తోనూ 8.194తోనూ హెచ్చిస్తే 19,66,560 రూపాయలు వస్తాయి. బదులుగా 15 సంవత్సరాల పాటు నెలనెలా 20,000 కోత పడుతుంది, ఆ తరువాత పూర్తి పెన్షన్ పునరుద్ధరణ అవుతుంది. 19.67 లక్షలు ఈ రోజు తీసుకుని 180 నెలల పాటు 20,000 చొప్పున తీరుస్తున్నట్టుగా లెక్క కడితే వడ్డీ రేటు సుమారు 9 శాతం పడుతుంది. ఇది బ్యాంకు గృహరుణం కంటే కాస్త ఖరీదైన సొమ్మే. ఎనిమిదేళ్లు దాటగానే అసలు వసూలైపోయిందని చాలామంది పెన్షనర్లు బాధపడుతుంటారు గానీ, ఆ లెక్కలో వడ్డీని వదిలేస్తున్నారు. పదిహేనేళ్ల కోత భారమైనదే, కాని పైకి కనిపించినంత అన్యాయమైనది కాదు. ఉద్యోగ సంఘాలు ఆ కాలాన్ని 12 ఏళ్లకు తగ్గించమని అడుగుతున్నాయి. అది అమలైతే ఈ రేటు కూడా తగ్గుతుంది.

ఇక పన్ను. నెలనెలా వచ్చే పెన్షన్‌ను ఆదాయపు పన్ను చట్టం జీతంగానే చూస్తుంది. దానిపై వచ్చే కరువు భృతి కూడా అందులో భాగమే. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను మిగిలినది శ్లాబుల్లోకి వెళుతుంది. కమ్యూట్ చేసిన మొత్తం ప్రభుత్వ ఉద్యోగికి పూర్తిగా మినహాయింపు. ప్రైవేటు ఉద్యోగికైతే గ్రాట్యుటీ వచ్చినప్పుడు కమ్యుటేషన్ పూర్తి విలువలో మూడో వంతుకు, రానప్పుడు సగానికి మాత్రమే ఈ మినహాయింపు ఉంటుంది. మీకు ఆ పరిమితి లేదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కోత పడిన 20,000 మీ చేతికి రాదు కనుక అది మీ ఆదాయమే కాదు. పదిహేనేళ్ల పాటు ఏటా 2,40,000 మీ పన్ను లెక్కలోంచి తప్పుకుంటుంది. అంటే మీరు తీర్చే కంతులు పన్ను కట్టకముందు సొమ్ముతో తీరుతున్నాయి. ఆ సొమ్ము మీ చేతికి వచ్చి ఉంటే అందులో ఎంత పన్నుగా పోయేదో, అంత మేరకు ఆ అప్పు చౌక అవుతుంది.

ఎంత చౌక అన్నది మీరు ఏ శ్లాబులో ఉన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ 2,40,000 రూపాయల మీద మీరు కట్టవలసిన పన్నే లేకపోతే 9 శాతం 9గానే ఉంటుంది. అది 15 శాతం శ్లాబులో పడేదైతే, సెస్సుతో కలిపి, అసలు ఖర్చు దాదాపు 6.3 శాతానికి దిగుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న పెద్ద అధికారికి అది 3.2 శాతం మాత్రమే. ఒకే గుణకం, ఒకే కోత, ముగ్గురికి మూడు వేర్వేరు ధరలు. కనుక "పన్ను లేదు, తీసుకో" అన్న సలహా 30 శాతం శ్లాబులో ఉన్న మీ పై అధికారికి మేలు చేస్తుంది. అదే మాట విని, పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేక అసలు పన్నే పడని గ్రూప్ సి ఉద్యోగి 40 శాతమూ తీసుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే, ఆయన 9 శాతానికి తెచ్చుకుని ఆరున్నరకు అప్పిచ్చినవాడవుతాడు. పన్ను లేనిచోట పన్ను మినహాయింపుకు విలువ ఉండదు. పదవీ విరమణ చేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మీరు ఎక్కడ ఉన్నారో చూద్దాం. మీ మొదటి పూర్తి సంవత్సరానికి, 2025-26 శ్లాబులే కొనసాగుతాయని, కరువు భృతి 2025 జూలై నాటి 58 శాతమేనని అనుకుని లెక్క వేస్తాను. కమ్యుటేషన్ తీసుకోకపోతే మూల పెన్షన్ 50,000, భృతి 29,000 కలిపి నెలకు 79,000, ఏడాదికి 9,48,000 వస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ పోను 8,73,000. సీనియర్ సిటిజన్స్ పథకంలో 30 లక్షలపై 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000 వడ్డీ వస్తుంది. ఇది పూర్తిగా పన్ను పడే ఆదాయం. అద్దె 1,80,000లో 30 శాతం తీసివేత పోను 1,26,000 మిగులుతుంది. మొత్తం 12,45,000. పాత విధానంలో మీకు పన్ను లక్ష దాటుతుంది కాబట్టి దాని ఊసు అక్కరలేదు.

ఇప్పుడు ఆ 12,45,000ను కాస్త నిలిచి చూడండి. కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. దాటిన వెంటనే శ్లాబుల ప్రకారం 60,000కు పైగా మీద పడకుండా మార్జినల్ రిలీఫ్ అనే ఏర్పాటు ఉంది: 12 లక్షల పైన మీరు ఎంత సంపాదించారో, పన్ను అంతకు మించదు. వినడానికి ఇది ఉపకారంలా ఉంటుంది. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, 12 లక్షలకూ సుమారు 12,70,000కూ నడుమ ఉన్న ప్రతి రూపాయీ పూర్తిగా పన్నుకే పోతుంది, దాని మీద 4 శాతం సెస్సు అదనం. మీరు ఆ పట్టీలో 45,000 లోపలికి వెళ్లి ఉన్నారు. మీ పన్ను 45,000, సెస్సుతో కలిపి 46,800. ఆ చివరి 45,000 పెన్షన్ మీకు వచ్చినా రాకపోయినా ఒకటే. నిజానికి రాకపోతేనే సెస్సు 1,800 మిగులుతుంది.

మీ కమ్యుటేషన్ నిర్ణయమంతా ఈ పట్టీ చుట్టూనే తిరుగుతుంది. వదులుకున్నా నష్టం లేని పెన్షన్ కొంత మీ దగ్గర ఉంది. దానిని అమ్మి రొక్కం చేసుకోవడం మంచి బేరం. దాని కిందనున్న పెన్షన్, అంటే 12 లక్షల లోపలి భాగం, పన్ను లేకుండా మీ చేతికి వస్తున్నది. దానిని అమ్మితే మీకు పడే ధర పూర్తి 9 శాతం. ఒకే పెన్షన్‌లో రెండు రకాల రూపాయలు ఉన్నప్పుడు, మొత్తం అమ్మడమో అసలు అమ్మకపోవడమో అన్న ప్రశ్నే సరైనది కాదు.

మరి ఎంత? 45,000 తగ్గితే చాలు కదా, నెలకు 3,750 కమ్యూట్ చేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. అది చాలదు. చేతికొచ్చిన మొత్తానికి పన్ను లేదు గానీ, దానిని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీకి పన్ను ఉంది. ఒక చేత్తో తగ్గించిన ఆదాయం ఇంకో చేత్తో తిరిగి వచ్చి చేరుతుంది. మీ సీనియర్ సిటిజన్స్ ఖాతా 30 లక్షల గరిష్ఠ పరిమితితో నిండిపోయింది కనుక ఈ సొమ్ము బ్యాంకులో సుమారు 6.5 శాతానికి పడుతుందని అనుకుందాం. అప్పుడు కమ్యూట్ చేసే ప్రతి 1,000 రూపాయల నెలసరి పెన్షన్‌కు ఏడాదికి 12,000 ఆదాయం తగ్గి, వడ్డీ రూపంలో దాదాపు 6,400 పెరుగుతుంది. నికరంగా తగ్గేది 5,600 మాత్రమే. 45,000 తగ్గాలంటే నెలకు ఎనిమిది వేలకు పైగా, అంటే 16, 17 శాతం దాకా కమ్యూట్ చేయాలి. కొంచెం ఊపిరి తీసుకునే చోటు ఉంచుకుని 20 శాతం అనుకుందాం.

20 శాతం అంటే నెలకు 10,000 కోత. చేతికి వచ్చేది 9,83,280. దానిపై వడ్డీ ఏడాదికి సుమారు 63,900. పన్ను పడే ఆదాయం 12,45,000లోంచి 1,20,000 పోయి, 63,900 చేరి, దాదాపు 11,89,000 అవుతుంది, పన్ను సున్నా. ఏడాది రాకపోకల్లో మీరు కోల్పోయింది 1,20,000 పెన్షన్, మిగుల్చుకున్నది 46,800 పన్ను, వచ్చింది 63,900 వడ్డీ. తేడా 9,300, అంటే నెలకు 800 రూపాయల కంటే తక్కువ. ఆ కాస్త తగ్గుదలకు బదులుగా 9.83 లక్షల అసలు మీ పేర చెక్కుచెదరకుండా ఉంటుంది.

అదే 40 శాతానికి వెళితే ఏమవుతుంది? రెండో 20 శాతానికి మరో 9,83,280 వస్తుంది, మరో 1,20,000 పెన్షన్ పోతుంది, మరో 63,900 వడ్డీ వస్తుంది. మొదటి ఏడాది దాని వల్ల పన్నులో మిగిలేది మాత్రం ఒక్క రూపాయి కూడా లేదు, ఎందుకంటే పన్ను అప్పటికే సున్నాకు చేరింది. ఏడాదికి 56,000 లోటు. మీ అబ్బాయి చెప్పిన 9 శాతం ఈ రెండో భాగానికి అక్షరాలా వర్తిస్తుంది, మొదటి భాగానికి వర్తించదు.

అయితే ఒక్క ఏడాది లెక్క చూసి పదిహేనేళ్ల నిర్ణయం చేయకూడదు. పట్టీ కదలదు, మీ పెన్షన్ కదులుతుంది. కరువు భృతి జనవరిలోనూ జూలైలోనూ పెరుగుతుంది. కమ్యుటేషన్ తీసుకున్నా భృతిని లెక్కగట్టేది కోత పడని అసలు మూల పెన్షన్ మీదనే, అంటే మీ పూర్తి 50,000 మీదనే. ఏడాదికి 4 పాయింట్లు పెరుగుతుందనుకుంటే ఏటా 24,000 ఆదాయం పెరుగుతుంది. శ్లాబులు, 12 లక్షల హద్దు మారకపోతే, కమ్యూట్ చేయని పెన్షనర్ రెండో ఏడాది 71,800 దాకా పన్ను కడతాడు, 20 శాతం చేసినవాడు 13,400. మూడో ఏడాది 76,900కు ఎదురుగా 38,400. నాలుగో ఏడాది 80,700కు ఎదురుగా 63,300. ఆ తరువాత ఇద్దరూ పట్టీ దాటి మామూలు 15 శాతం శ్లాబులో నడుస్తారు, తేడా ఏటా 9,000 లోపే ఉంటుంది. అంటే మొదటి 20 శాతం కమ్యుటేషన్ వల్ల మొదటి నాలుగేళ్లలోనే దాదాపు 1,60,000 పన్ను మిగులుతుంది, అదీ మీకు ముందే తెలిసిన చట్టం కింద.

రెండో 20 శాతానికి కూడా లాభం వస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది: రెండో ఏడాది 13,400, మూడో ఏడాది 38,400, నాలుగో ఏడాది 58,000 దాకా, తరువాత మళ్లీ తగ్గుతూ పోతుంది. ఆ వరుసంతా భృతి నేను అనుకున్నట్టే పెరిగి, ఆర్థిక మంత్రి 12 లక్షల హద్దును ఎక్కడిదక్కడే ఉంచితేనే నిజమవుతుంది. హద్దు 13 లక్షలకో 14కో జరిగితే రెండో భాగం మీద వచ్చే లాభం చాలావరకు ఎగిరిపోతుంది, కోత మాత్రం పదిహేనేళ్లూ ఉంటుంది. మరోవైపు ఎనిమిదో వేతన సంఘం సిఫారసులతో మూల పెన్షన్ గట్టిగా పెరిగి మీరు 20 శాతం శ్లాబులోకి వెళితే, కమ్యుటేషన్ ఖర్చు 5.3 శాతానికి తగ్గుతుంది, డిపాజిట్ మీద పన్ను పోను వచ్చేది 5.15 శాతం ఉంటుంది. అప్పుడు కూడా అది లాభమూ కాదు నష్టమూ కాదు. దూరంగా ఉన్న, అనిశ్చితమైన లాభం కోసం చేతిలో ఉన్న పన్నులేని పెన్షన్‌ను అమ్మడం నాకు సమంజసంగా తోచదు. అందుకే నా మాట 20 శాతం. మరీ అనుకుంటే 25 దాకా వెళ్లవచ్చు.

లెక్కకు అందని ఒక అంశం 40 శాతం వైపు మొగ్గుతుంది, దానిని దాచడం న్యాయం కాదు. పెన్షనర్ మధ్యలో మరణిస్తే తీరని కోతను కుటుంబం నుంచి వసూలు చేయరు, కుటుంబ పెన్షన్‌ను కూడా కమ్యుటేషన్ తగ్గించదు. తీసుకున్న మొత్తం భార్యకు మిగిలిపోతుంది. విరమణ తరువాత మరణిస్తే ఏడేళ్లో, ఉద్యోగికి 67 ఏళ్లు నిండే తేదీ దాకానో, ఏది ముందైతే అంతవరకు కుటుంబ పెన్షన్ చివరి జీతంలో సగం ఉంటుంది. తరువాత 30 శాతానికి పడిపోతుంది. మీకు గుండె జబ్బో మరో తీవ్రమైన అనారోగ్యమో ఉంటే పన్ను లెక్కను పక్కన పెట్టి 40 శాతమూ తీసుకోండి. విరమణ తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే వైద్య పరీక్ష ఉండదు, కనుక ఆరోగ్యం బాగాలేనివారికి ఈ సదుపాయం విలువ ఇంకా ఎక్కువ. మీ ఉత్తరంలో ఆరోగ్యం ప్రస్తావన లేదు గనుక మామూలుగా ఉన్నారనే అనుకుంటున్నాను.

ఇక ఆ 9.83 లక్షలు ఎక్కడ పెట్టాలన్నది. భార్య పేర డిపాజిట్ చేస్తే ఆమెకు ఆదాయం లేదు కదా, పన్ను పడదు అని చాలామంది చెబుతారు. భార్యకు ఉచితంగా ఇచ్చిన సొమ్ముపై వచ్చే వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఆ దారి మూసి ఉంది. తెరిచి ఉన్న దారి పీపీఎఫ్. ఏడాదికి 1,50,000 దాకా వేయవచ్చు, ప్రస్తుతం 7.1 శాతం, వడ్డీకి పన్ను లేదు కాబట్టి అది 12 లక్షల లెక్కలోకి రాదు. ఉద్యోగంలో ఉండగా తెరిచి, పదిహేనేళ్లు నిండి, పొడిగించిన ఖాతా మీకు ఉంటే చాలా మంచిది, అవసరానికి తీసుకునే వీలు ఉంటుంది. కొత్తగా తెరిస్తే మాత్రం పదిహేనేళ్ల గడువు గుర్తుంచుకోవాలి. డిపాజిట్‌లోంచి ఏటా లక్షన్నర ఇందులోకి మార్చుతూ పోతే, ఒక్కొక్క మార్పుకు దాదాపు 9,750 పన్ను పడే వడ్డీ తగ్గుతుంది. భృతి పెరుగుదల మిమ్మల్ని పట్టీలోకి నెట్టే వేగంలో మూడో వంతుకు పైగా దీనితోనే ఆపవచ్చు.

ఇదే తర్కం ఖర్చుల వరుసకూ వర్తిస్తుంది. ఇంటి మరమ్మతు, ప్రయాణం వంటి పెద్ద ఖర్చు వచ్చినప్పుడు ముందుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ అసలు వాడండి, పీపీఎఫ్ చివరికి వాడండి. డిపాజిట్‌లోంచి తీసిన అసలుకు పన్ను లేదు, పైగా మరుసటి ఏడాది వడ్డీ ఆదాయమూ తగ్గుతుంది. కూతురి పెళ్లి ఖర్చు అనుకున్నదానికి మించితే సీనియర్ సిటిజన్స్ పథకంలో 30 లక్షలకు బదులు 25 వేసినా మీకు నష్టం అనుకున్నంత ఉండదు. ఆ ఐదు లక్షలపై వచ్చే 41,000 వడ్డీ, కమ్యుటేషన్ తీసుకోని పక్షంలో, మొత్తం ఆ పట్టీలోనే పడి పన్నుకే పోయేది. దీన్నిబట్టి ఇంకొకటి కూడా అర్థమవుతుంది. కమ్యుటేషన్ అసలు తీసుకోకుండా, డిపాజిట్లను తగ్గించి కూడా మొదటి ఏడాది 12 లక్షల లోపు ఉండవచ్చు. అయితే డిపాజిట్ల నుంచి తీసిన సొమ్ముకు ఖర్చో, పీపీఎఫో, పన్ను పడని చోటు ఏదో ఒకటి ఉండాలి. మీకు కమ్యుటేషన్ ఇష్టం లేకపోతే ఈ మార్గం చూడండి.

2004 తరువాత చేరి ఎన్‌పీఎస్‌లో ఉన్న మీ చిన్న సహోద్యోగులకు ఈ గుణకం, ఈ పునరుద్ధరణ ఏవీ ఉండవు. వారికి నిధిలో 60 శాతం పన్ను లేకుండా చేతికి వస్తుంది, మిగిలిన దానితో కొన్న యాన్యుటీ మీద వచ్చే పెన్షన్ పూర్తిగా శ్లాబుల్లోకి వెళుతుంది. ఆ 60 శాతాన్ని ఒకేసారి తీసి డిపాజిట్ చేయకుండా విడతలుగా తీసుకునే వీలు ఉంది. నిధిలో ఉన్నంతకాలం పెరుగుదలకు పన్ను లేదు కనుక, మీరు ఎదుర్కొంటున్న వడ్డీ ఆదాయపు చిక్కు వారికి తక్కువ. మీ లెక్కను వారు, వారి లెక్కను మీరు అనుసరించకూడదు.

దరఖాస్తు విషయంలో రెండు జాగ్రత్తలు చెబుతాను. పెన్షన్ కాగితాలతో పాటే కమ్యుటేషన్ ఫారం ఇస్తారు. అందులో శాతం రాసే చోట ఆఫీసు గుమాస్తా అలవాటుగా 40 అని నింపేస్తే అదే ఖాయమవుతుంది. అమలైన తరువాత వెనక్కి తీసుకునే వీలు లేదు. 20 అని మీ చేత్తో రాసి, సంతకం పెట్టిన నకలు దగ్గర ఉంచుకోండి. ఇంకా తేల్చుకోలేకపోతే తొందర పడనక్కరలేదు, విరమణ తరువాత 61వ పుట్టినరోజుకు ముందే దరఖాస్తు అందితే గుణకం 8.194గానే ఉంటుంది, అది దాటితే 8.093కు తగ్గుతుంది.

సొమ్ము జమ అయ్యాక పెన్షన్ స్లిప్పు చూడండి. కోత 10,000 ఉండాలి, భృతి మాత్రం 40,000 మీద కాక 50,000 మీద లెక్క కట్టి ఉండాలి. 58 శాతం రేటు ప్రకారం అది 29,000. ఏడాది చివర బ్యాంకు ఇచ్చే ఫారం 16లో స్థూల పెన్షన్ 8,28,000 దగ్గర కనిపించాలి. అక్కడ 9,48,000 ఉంటే కోత పడని అంకె మీద పన్ను లెక్కగట్టారని అర్థం. రిటర్ను వేసే ముందే బ్యాంకు పెన్షన్ విభాగం చేత దానిని సరిచేయించుకోండి. రిటర్నులో కమ్యుటేషన్ మొత్తాన్ని సెక్షన్ 10(10ఎ) కింద మినహాయింపు ఆదాయంగా చూపండి. సొమ్ము మీ ఖాతాలో పడిన తేదీని పెన్షన్ ఉత్తర్వు నకలు మీద రాసి పెట్టండి. పునరుద్ధరణ గడువుపై ఎప్పుడైనా వివాదం వస్తే, కోత ఎప్పటి నుంచి మొదలైందో చెప్పే ఆధారం అదే.